రొయ్యల చెరువులో కరెంటు లేని గంట ఖరీదు

భీమవరం నుంచి కైకలూరు వైపు రాత్రిపూట వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు ఎగిరిపడే చప్పుడు ఆగకుండా వినిపిస్తుంది. అది రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరియేటర్ల చప్పుడు. నీటి మీద తేలే ఫ్లోట్లు, వాటి మీద ఒక మోటారు, గేర్‌బాక్సు, ఇరుసుకు బిగించిన తెడ్ల చక్రాలు, అంతే ఆ యంత్రం. తెడ్లు నీటిని చిన్న చిన్న తుంపర్లుగా గాలిలోకి కొడతాయి, ఆ తుంపర్లు గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని మళ్లీ నీళ్లలో పడతాయి. దాంతోపాటు చెరువు నీటిని గుండ్రంగా తిప్పి, పైనున్న మంచి నీటిని అడుగుకు పంపుతాయి. వనామీ రొయ్య అడుగున తిరిగే జీవి కాబట్టి దానికి ఈ రెండో పని మొదటిదానికంటే తక్కువేమీ కాదు.

చిన్న రైతును ఖర్చు గురించి అడిగితే మేత తర్వాత కరెంటు బిల్లే చెబుతాడు. బిల్లు ప్రతి నెలా కంటికి కనిపిస్తుంది కాబట్టి అలా అనిపించడం సహజం. కానీ ఒక పంట మొత్తం లెక్క కాగితం మీద వేసి చూస్తే, కరెంటు ఉన్న గంటలకంటే అది లేని గంటలే ఎక్కువ డబ్బు తింటాయని తెలుస్తుంది. ఎకరం చెరువు తీసుకుని ఆ లెక్క వేద్దాం.

చెరువు విస్తీర్ణం ఎకరం, నీటి లోతు సగటున నాలుగడుగులు. అంటే దాదాపు 48 లక్షల లీటర్ల నీరు. చదరపు మీటరుకు 30 చొప్పున సుమారు లక్షా 20 వేల పిల్ల వేశారు. వంద రోజులకు ఎనభై శాతం బతికి 50 కౌంట్‌కు వస్తే పట్టుబడి 1,900 కిలోల పైచిలుకు. ఒక హెచ్‌పీ ఏరియేటర్ 400 నుంచి 500 కిలోల రొయ్యను మోస్తుందన్నది సాగులో నడిచే అంచనా. ఆ చొప్పున నాలుగైదు హెచ్‌పీ కావాలి. ఒకటి చెడిపోయినా నడవాలి కనుక రెండేసి హెచ్‌పీవి మూడు పెట్టారనుకుందాం.

రెండు హెచ్‌పీ అంటే మోటారు బయటికిచ్చే శక్తి ఒకటిన్నర కిలోవాట్లు. లోపల వేడిగా పోయేది కలిపితే లైను నుంచి తీసుకునేది 1.8 కిలోవాట్ల దగ్గర ఉంటుంది. అంటే ఒక్కో ఏరియేటర్ గంట తిరిగితే 1.8 యూనిట్లు. మొదటి నెల రెండు ఏరియేటర్లు రాత్రికి ఆరేసి గంటలు తిరిగితే నెలకు 648 యూనిట్లు. రెండో నెల అవే పన్నెండేసి గంటలు తిరిగితే 1,296. చివరి నలభై రోజులు మూడూ రోజుకు 18 గంటలు తిరిగితే 3,888. మొత్తం 5,832 యూనిట్లు, కిలో రొయ్యకు సుమారు మూడు యూనిట్లు.

ఆంధ్రప్రదేశ్‌లో రాయితీ వర్తించే ఆక్వా రైతుకు యూనిట్ రూపాయిన్నర ధర. రాయితీ లేకపోతే 3 రూపాయల 85 పైసలు లెక్కేసుకోవాలి. మొదటి ధరకు పంట మొత్తానికి 8,748 రూపాయలు, రెండో ధరకు సుమారు 22,450. సర్దుబాటు ఛార్జీల వంటివి బిల్లులో అదనంగా పడతాయి. వాటిని పక్కన పెడితే కిలోకు నాలుగున్నర రూపాయల నుంచి పన్నెండు రూపాయల లోపు. రాయితీకి మీ చెరువు అర్హమా కాదా అన్నదే బిల్లును రెండున్నర రెట్లు మారుస్తోంది. చెరువు రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంది, మీటరు ఎవరి పేరున ఉంది అన్నవి కౌలు రైతు పిల్ల వేయకముందే చూసుకోవాల్సింది అందుకే.

బిల్లులో దొంగచాటుగా పెరిగే భాగం యంత్రం లోపలే ఉంటుంది. తెడ్లు నీళ్లలో నాలుగంగుళాల దాకా మునగాలి. ఫ్లోట్‌లోకి నీరు చేరి ఒక పక్క కుంగితే తెడ్డు లోతుగా మునిగి మోటారు మీద భారం పెరుగుతుంది, నీళ్లు మాత్రం అంత ఎగరవు. ఉప్పునీటికి బేరింగులు తుప్పుపట్టినా, గేర్‌బాక్సులో నూనె తగ్గినా ఇదే జరుగుతుంది. ఎలక్ట్రీషియన్ దగ్గరుండే క్లాంప్ మీటరు తీగ చుట్టూ పెడితే విషయం బయటపడుతుంది. రెండు హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు మూడు, మూడున్నర ఆంపియర్లు తీసుకోవాలి. నాలుగున్నర చూపిస్తోందంటే ఆ ఏరియేటర్‌ను గట్టుకు లాగి విప్పి చూడాల్సిందే. పాతదాన్ని ఎన్నిసార్లు వైండింగ్ చేయించారో అంతగా అది తినే కరెంటు కూడా పెరిగే అవకాశం ఉంది.

ఇంకో పొదుపు నడిపే వేళలో ఉంది. నీటిలో ఆక్సిజన్ ఎంత తక్కువగా ఉంటే ఏరియేటర్ అంత బాగా ఎక్కిస్తుంది. మన వేడికి, మన ఉప్పుదనానికి నీరు పట్టుకోగల ఆక్సిజన్ ఏడు పీపీఎం, కొంచెం అటూ ఇటూ. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం పచ్చటి నీటిలో ప్లవకాలు దాన్ని పదికి కూడా తీసుకెళ్తాయి. అప్పుడు మూడు ఏరియేటర్లూ తిప్పితే ఉన్న ఆక్సిజన్‌ను గాలిలోకి వదిలేసినట్టే. అయినా నీరు పొరలు కట్టకుండా, అడుగుకు గాలి అందేలా మధ్యాహ్నం ఒకటైనా తిరగడం మంచిది. ఎన్ని తిప్పాలో చెప్పేది గడియారం కాదు, డీవో మీటరు. అది కూడా పైనీటిలో కాకుండా అడుగుకు అడుగు ఎత్తులో ముంచి చూడాలి.

ఇప్పుడు అసలు భయం సంగతికి వద్దాం. కరెంటు పోయాక చెరువుకు ఎంత గడువు ఉంటుంది?

ఆ లెక్కకు ముందు ఆక్సిజన్‌ను ఎవరు తింటున్నారో తెలియాలి. ఎదిగిన రొయ్య కిలోకు గంటకు సుమారు 0.3 గ్రాముల ఆక్సిజన్ వాడుకుంటుంది. మన చెరువులోని 1,900 కిలోలకు గంటకు 570 గ్రాములు. 48 లక్షల లీటర్లలో అది లీటరుకు 0.12 మిల్లీగ్రాములే, అంటే 0.12 పీపీఎం. మిగతాది తినేది రాత్రిపూట ఊపిరి పీల్చే ప్లవకాలు, నీటిలోని బ్యాక్టీరియా, అడుగున పేరుకున్న మేత ముక్కలు, మలం, కుళ్లే బురద. ఇవన్నీ కలిపి రొయ్యకంటే మూడు నాలుగు రెట్లు లాగేస్తాయి. నీరు ఒక మోస్తరు పచ్చగా ఉన్న చెరువులో అంతా కలిపి గంటకు 0.6 పీపీఎం పడిపోతుందనుకోండి. మిగిలిపోయేంత మేత వేసిన రైతు మేత డబ్బు ఒకసారి, దాన్ని కుళ్లబెట్టడానికి కావాల్సిన ఆక్సిజన్ కోసం కరెంటు డబ్బు ఇంకోసారి కడుతున్నాడన్నమాట.

రాత్రి మూడు గంటలకు డీవో నాలుగున్నర ఉందనుకుందాం. అప్పుడు కరెంటు పోతే నాలుగింటికి 3.9, అయిదింటికి 3.3, ఆరింటికి 2.7. నాలుగు కంటే తగ్గితే రొయ్యకు ఇబ్బంది మొదలవుతుంది, రెండు దాటి కిందికి పోతే ప్రాణం మీదికి వస్తుంది. వెలుతురు పెరిగి ప్లవకాలు మళ్లీ ఆక్సిజన్ ఇవ్వడానికి ఏడైనా అవుతుంది. అంటే మామూలు రోజున, తక్కువ సాంద్రతలో, ఈ చెరువు మూడు గంటల కోతను గాయంతోనైనా దాటుతుంది. అదే చదరపు మీటరుకు అరవై పిల్ల వేసి రెట్టింపు మేత పెడుతున్న చెరువైతే పతనం గంటకు ఒకటి దాటుతుంది, రెండు గంటల్లో సగం ప్రమాదంలోకి వెళ్తుంది. పైగా ఇవి చెరువు మొత్తానికి సగటు అంకెలు. ఏరియేటర్లు ఆగగానే నీటి తిరుగుడు ఆగుతుంది, బురద పక్కనున్న నీరు ముందు ఖాళీ అవుతుంది. రొయ్య ఉండేది అక్కడే. రైతులు గంటల్లో కాకుండా నిమిషాల్లో మాట్లాడడం వెనకున్న కారణం ఇదే.

ఇక మబ్బు పట్టిన రోజు సంగతి వేరు. పగలంతా ఎండ లేదు కాబట్టి సాయంత్రానికి నీటిలో నిల్వ తక్కువ, మూడింటికే డీవో 3.2 ఉండొచ్చు. ఆ పరిస్థితిలో రెండు గంటలు చాలు. వాన పడితే పైన మంచినీటి పొర, కింద ఉప్పునీటి పొర ఏర్పడి అడుగుకు గాలి అందే దారి మూసుకుపోతుంది. సరిగ్గా ఆ రాత్రే గాలికి కొమ్మ విరిగి తీగ తెగుతుంది. చెరువుకు ఆక్సిజన్ తక్కువగా ఉండే రాత్రి, లైను తెగే రాత్రి ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు, రెండింటికీ మూలం ఆ వాతావరణమే. అందుకని "మా ఫీడర్‌లో నెలకు ఇన్ని గంటలే కోత" అన్న సగటు ధైర్యం ఇవ్వదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పంట చివరి దశలో ఉన్న ప్రతి చెరువూ ఇలాంటి రాత్రి ఒకటి వస్తుందనే అనుకుని సిద్ధంగా ఉండాలి.

గంటల కోత గురించి అందరూ భయపడతారు. నా ఉద్దేశంలో చిన్న చెరువును ఎక్కువసార్లు దెబ్బకొట్టేది రెండు సెకన్ల కోత. మోటారు స్టార్టర్‌లో నో వోల్ట్ కాయిల్ అని ఒకటి ఉంటుంది. కరెంటు పోగానే అది స్టార్టర్‌ను వదిలేస్తుంది, మళ్లీ ఎవరైనా పచ్చ బటన్ నొక్కితే తప్ప మోటారు తిరగదు. ఆ ఏర్పాటు మనిషి భద్రతకు అవసరమైనదే. రాత్రి రెండింటికి లైను ఒక్కసారి రెప్పవాల్చి తిరిగొస్తే షెడ్డులో లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, ఏరియేటర్లు మాత్రం ఆగే ఉంటాయి. పొద్దున అడిగితే కాపలా మనిషి "లైటు వెలుగుతూనే ఉందండి, కరెంటు పోలేదు" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు.

ఒక ఫేజు మాత్రమే పోయినప్పుడూ ఇంతే. షెడ్డు లైటు బాగున్న ఫేజు మీద ఉంటే అది వెలుగుతూనే ఉంటుంది. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టి ఉంటే మోటార్లు ఆగిపోతాయి, లేకపోతే గుర్రుమంటూ వేడెక్కి కాలిపోతాయి. రెండోది జరిగితే కరెంటు తిరిగొచ్చినా ఏరియేటర్ రాదు.

కాబట్టి సైరన్ దేనికి కలపాలన్నది ముఖ్యం. లైనులో కరెంటు ఉందా లేదా చూసే సైరన్ పై రెండు సందర్భాల్లోనూ మోగకపోవచ్చు. స్టార్టర్ నుంచి మోటారుకు వెళ్లే తీగల వైపు ఒక రిలే పెట్టాలి. అక్కడ కరెంటు ఉన్నంతసేపు రిలే సైరన్‌ను ఆపి ఉంచుతుంది, అక్కడ పోయిన క్షణాన బ్యాటరీతో నడిచే సైరన్ మోగుతుంది. అప్పుడు కారణం ఏదైనా సరే, ఏరియేటర్ ఆగితే మనిషి లేస్తాడు. సిమ్‌కార్డు వేసి రైతుకు ఫోన్ చేసే పెట్టెలూ, కరెంటు రాగానే వాటంతటవే మోటారు వేసే ఆటో స్టార్టర్లూ దొరుకుతున్నాయి. ఆటో స్టార్టర్ పెడితే మూడు మోటార్లూ ఒకేసారి లేవకుండా ఒక్కోదానికి కొన్ని సెకన్ల తేడా పెట్టించాలి.

ఇప్పుడు జనరేటర్. మన మూడు ఏరియేటర్లకు 5.4 కిలోవాట్లు కావాలి. ఆ భారానికి చిన్న డీజిల్ జనరేటర్ గంటకు దాదాపు రెండు లీటర్లు తాగుతుంది. లీటరు 97 రూపాయలు అనుకుంటే గంటకు 194 రూపాయలు, యూనిట్‌కు 36 రూపాయల దాకా పడుతుంది. చివరి నలభై రోజుల్లో రోజుకు రెండు గంటలు కరెంటు పోయిందనుకోండి. ఎనభై గంటలు, 160 లీటర్లు, 15,520 రూపాయలు. ఆ ఎనభై గంటల్లో పుట్టింది 432 యూనిట్లు. అంటే పంటకు కావాల్సిన కరెంటులో ఏడు శాతానికి పెట్టిన డీజిల్ ఖర్చు, రాయితీ ధరకు పంట మొత్తం కరెంటు బిల్లు కంటే ఎక్కువ. ప్రభుత్వం ధర తగ్గించిందా అన్న ప్రశ్నకున్నంత బరువు, ఫీడర్ ఎన్ని గంటలు నిలబడుతోంది అన్న ప్రశ్నకూ ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. రైతులు సబ్‌స్టేషన్‌కు కలిసి వెళ్లినప్పుడు కోతల రోజులు, వేళలు రాసిన పుస్తకం చేతిలో ఉంటే ఆ మాటకు విలువ వస్తుంది.

అంత ఖర్చు ఎందుకని జనరేటర్ మానేస్తే? 50 కౌంట్‌కు కిలో 300 రూపాయలు అనుకుంటే చెరువులో ఉన్న సరుకు 5 లక్షల 70 వేలు. అందులో మూడో వంతు పోయినా లక్షా 90 వేలు. మొత్తం పంట డీజిల్ ఖర్చుకు అది పన్నెండు రెట్లు.

జనరేటర్ ఉన్నంత మాత్రాన సరిపోదు. మోటారు లేచే క్షణాన మామూలుకంటే ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది. మూడూ ఒక్కసారి వేస్తే చిన్న జనరేటర్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. ఒకటి వేసి, అది వేగం అందుకున్నాక రెండోది, తర్వాత మూడోది వేయాలి. అలా వేస్తే 15 కేవీఏ సరిపోతుంది. మరీ పెద్దది కొని తక్కువ భారం మీద నడిపితే యూనిట్‌కు డీజిల్ ఇంకా పెరుగుతుంది. ఇక అవసరమైన రాత్రి జనరేటర్ లేవకపోవడానికి ఎక్కువసార్లు కారణం బ్యాటరీ దిగిపోవడమే. వారానికోసారి దాన్ని ఏరియేటర్ల భారంతో పావుగంట నడపాలి. ఖాళీగా తిప్పి ఆపితే అది పరీక్ష కాదు.

జనరేటర్ లేని రైతు చేతిలో సాధారణంగా ఉండేది ఆక్సిజన్ బిళ్లలు, గుళికలు. వాటి మీద పెట్టుకున్న నమ్మకం నాకు బాధ కలిగిస్తుంది. వీటిలో ఎక్కువ భాగం సోడియం పెర్‌కార్బొనేట్. అది కరిగితే బరువులో పదమూడు శాతం ఆక్సిజన్ వస్తుంది. మన చెరువులో డీవో ఒక్క పీపీఎం పెంచడానికి దాదాపు 4.8 కిలోల ఆక్సిజన్ కావాలి. అంటే 37 కిలోల మందు. ఎకరానికి కిలో, రెండు కిలోలు చల్లితే పెరిగేది మీటరు కూడా పసిగట్టలేనంత. బిళ్ల అడుగుకు చేరి తన చుట్టూ ఉన్న కాస్త నీటికి కాసేపు ఊపిరి ఇస్తుంది, ఆ మేరకు నల్లబడ్డ చోట వేయడంలో అర్థం ఉంది. అది ఏరియేటర్‌కు బదులు అనుకుంటే మాత్రం మోసపోతాం.

దానికంటే మేలైనది ఒకటుంది. చెరువు మొత్తాన్ని కాపాడే శక్తి లేనప్పుడు ఒక మూలను కాపాడాలి. అద్దెకు తెచ్చిన చిన్న జనరేటర్‌తో ఒక్క ఏరియేటర్ తిప్పినా, డీజిల్ ఇంజన్‌తో నీరు తోడి అదే చెరువులోకి ఎత్తు నుంచి చిమ్మినా, ఆ చుట్టూ ఆక్సిజన్ ఉన్న జాగా ఏర్పడుతుంది. కాసేపటికి రొయ్య, చేప అక్కడికి చేరతాయి. అడుగు శుభ్రంగా ఉన్న చోటును ముందే చూసి ఉంచుకోవాలి. కరెంటు పోయిన మరుక్షణం మేత ఆపాలి, తిన్న రొయ్యకు, కరిగే మేతకు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలి.

రొయ్య గట్టు వెంబడి పైకి తేలి నెమ్మదిగా ఈదుతుంటే, టార్చి వేసినా చెదరకపోతే ఆలస్యమైందని అర్థం. చేపల చెరువులో నోళ్లు పైకి పెట్టి గుటకలు వేస్తూ ముందే తెలియజేస్తాయి, రొయ్య అంత ముందుగా చెప్పదు. చచ్చినవి అడుగునే ఉండిపోతాయి కాబట్టి పైకి చూసి ఏమీ కాలేదనుకోకూడదు. చెక్ ట్రే ఎత్తి చూడాలి, వలతో అడుగును వెతకాలి. మెత్తటి పెంకుతో ఉన్నవి ముందు పోతాయి. అమావాస్య, పౌర్ణముల ప్రాంతంలో ఎక్కువ రొయ్య పెంకు విడుస్తుందని రైతులకు తెలుసు, ఆ రాత్రుల్లో కాపలా రెట్టింపు చేయడం వట్టి నమ్మకం కాదు. బతికినవి కూడా రెండు మూడు రోజులు మేత తగ్గిస్తాయి, బలహీనపడి విబ్రియో లాంటి వాటికి దొరికిపోతాయి. కరెంటు రాగానే మామూలు మేత వేయకుండా సగంతో మొదలుపెట్టి ట్రే చూసి పెంచాలి.

చీకట్లో, వానలో, కంగారులో జరిగే ఇంకో నష్టం ఉంది, అది మనిషిది. ఏరియేటర్ తీగలకు అక్కడక్కడా టేపు చుట్టిన అతుకులుంటాయి, అవి ఉప్పునీటిని తాకుతుంటాయి. ఆగిన యంత్రాన్ని చూడటానికి కూలీ నీళ్లలో దిగిన వేళ కరెంటు తిరిగొస్తే, ఆటో స్టార్టర్ ఉంటే మరీ, ప్రాణం పోతుంది. మెయిన్ స్విచ్ దించి, దాని దగ్గర ఒక మనిషిని నిలబెట్టాకే నీళ్లలో కాలు పెట్టాలి. లీకేజీకి తెగిపడే ఈఎల్‌సీబీ, సరైన ఎర్తింగ్ పెట్టించే ఖర్చును పంట ఖర్చులో ఏరియేటర్‌తో సమానంగా రాసుకోవాలి.

తుపాను హెచ్చరిక వస్తే చేతిలో రెండు మూడు రోజులుంటాయి. చెరువు మీద భారం తగ్గించడం మొదటి పని. రొయ్య అమ్మకానికి వచ్చే కౌంట్‌లో ఉంటే మూడో వంతు పట్టించేయొచ్చు, ధర కొంత తగ్గినా సరే. ముందు రోజు నుంచే మేత సగానికి దించితే బురద లాగే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. వాననీరు పైనుంచి పోయే తూము తెరిచి పెట్టాలి. మన ఎకరం చెరువుకు రెండు రోజులు ఏకధాటిగా కరెంటు లేకపోతే 96 లీటర్ల డీజిల్ కావాలి. రోడ్లు మునిగాక బంకు దాకా వెళ్లే వీలుండదు కాబట్టి ఆ డబ్బాలు, ఒక అదనపు బ్యాటరీ, జనరేటర్ ఫిల్టరు గాలి మొదలవకముందే షెడ్డులో ఉండాలి.